కొత్తిమీర గడ్డకట్టకుండా, పాలు విరగకుండా: ఫ్రిజ్, ఫ్రీజర్ టెంపరేచర్ సరిగ్గా పెట్టుకునే పద్ధతి

"పైన ఐస్‌క్రీం గట్టిపడట్లేదు, కింద కొత్తిమీర మాత్రం గడ్డకడుతోంది. నాబ్ ఎంతలో పెట్టాలి?" ఎండలు ముదిరినకొద్దీ ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. అందరికీ పనికొచ్చే ఒక అంకె చెప్పడం కుదరదు. ఒక ఫ్రిజ్‌లో 4 మీద వచ్చే చల్లదనం, పక్కింటి ఫ్రిజ్‌లో 4 మీద వచ్చే చల్లదనం ఒకటి కావు. మీ ఫ్రిజ్‌లోనే మే నెలలో 4 వేరు, డిసెంబరులో 4 వేరు. నాబ్ మీద ఉన్నవి డిగ్రీలు కావు, ఎక్కువ తక్కువ చెప్పే గుర్తులు మాత్రమే.

అందుకే ముందు కొలవాలి, తర్వాత తిప్పాలి. ఇక్కడ చెప్పేది ఎక్కువగా పైన ఫ్రీజర్, కింద ఫ్రిజ్ ఉండే డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ రకం గురించి. గందరగోళమంతా వచ్చేది దాంతోనే. సింగిల్ డోర్ గురించి విడిగా రాశాను.

1. ఎంత ఉండాలి

ఫ్రిజ్ భాగంలో 3 నుంచి 4 డిగ్రీల సెల్సియస్, ఫ్రీజర్‌లో మైనస్ 18. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు.

5 డిగ్రీలు దాటినకొద్దీ వండిన కూర, పాలు, మాంసంలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. 4 దగ్గర కూడా పూర్తిగా ఆగవు, నెమ్మదిస్తాయంతే, కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టాం కదా అని నిన్నటి మటన్ కూరను వారమంతా తినకూడదు. మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి. పచ్చి చికెన్, చేపలైతే ఒకటి రెండు రోజుల్లో వండేయాలి, లేదా ఫ్రీజర్‌లోకి మార్చాలి. మైనస్ 18లో అవి పెరగవు కానీ చచ్చిపోవు. బయట పెట్టి కరిగిస్తే మళ్లీ మొదలుపెడతాయి.

ఇక కూరగాయల సంగతి. ఆకుకూరలు, దోసకాయ, టమాట, బీన్స్ లాంటివి సరిగ్గా 0 దగ్గర కాదు, దానికి కాస్త కింద, దాదాపు మైనస్ అర డిగ్రీ దగ్గర గడ్డకడతాయి. అంటే 4కీ వాటి గడ్డకట్టే హద్దుకీ మధ్య నాలుగున్నర డిగ్రీల జాగా ఉంది. ఫ్రిజ్ మొత్తం 4లో ఉంటే ఏ కూరగాయా గడ్డకట్టదు. గడ్డకడుతోందంటే ఆ ఒక్క మూలలో టెంపరేచర్ 0 కిందికి పోతోందన్నమాట.

2. ముందు మీ ఫ్రిజ్ ఏ రకమో చూసుకోండి

ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో చల్లదనం తయారయ్యేది ఫ్రీజర్ వెనక పలక చాటున మాత్రమే. అక్కడున్న ఫ్యాన్ ఆ చల్లగాలిని ఫ్రీజర్‌లోకి ఊదుతుంది, అందులో కొంత గాలి సన్న దారి గుండా కింది ఫ్రిజ్‌లోకి దిగుతుంది. ఫ్రిజ్ తలుపు తీసి పై అర వెనక చూడండి, చీలికల్లాంటి రంధ్రాలు కనిపిస్తాయి. గాలి వచ్చేది వాటిలోంచే. ఆ గాలి 4 డిగ్రీల గాలి కాదు, ఫ్రీజర్ నుంచి నేరుగా వచ్చే మైనస్ గాలి. లోపలి గాలితో కలిశాకే అది 4 అవుతుంది. కలవకముందే దారిలో కొత్తిమీర కట్ట ఉంటే అది గడ్డకడుతుంది.

ఈ రకం పాత మోడళ్లలో రెండు నాబ్‌లు ఉంటాయి. ఒకటి ఫ్రిజ్‌లో, ఇంకొకటి ఫ్రీజర్‌లో, అది ఎక్కువగా అటూ ఇటూ జరిపే మీట రూపంలో ఉంటుంది. చాలా మోడళ్లలో ఫ్రిజ్‌లోని నాబ్ కంప్రెసర్ ఎంతసేపు నడవాలో చెప్తుంది. ఫ్రీజర్‌లోని మీట చల్లదనాన్ని పెంచదు, తగ్గించదు, ఉన్న చల్లగాలిలో పైన ఎంత ఉండాలి, కిందికి ఎంత వదలాలి అన్నది మాత్రమే తేలుస్తుంది. చెరువు తూము ఎత్తినట్టే: కాలువకు ఎక్కువ వదిలితే చెరువులో తగ్గుతుంది. కొన్ని మోడళ్లలో ఈ పనులు తారుమారుగా ఉంటాయి, కాబట్టి ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకం ఒకసారి చూడండి. పుస్తకం లేకపోతే కింద 5, 6లో చెప్పినట్టు మీట జరిపి కొలిచి తెలుసుకోవచ్చు.

స్క్రీన్ ఉన్న కొత్త మోడల్ అయితే ఫ్రిజ్ 3 లేదా 4, ఫ్రీజర్ మైనస్ 18 అని పెట్టేయండి. కానీ చాలా మోడళ్లలో ఆ స్క్రీన్ మీద కనిపించేది మీరు అడిగిన అంకె, లోపల నిజంగా ఉన్న అంకె కాదు. కొలవడం వీళ్లకీ తప్పదు. వేగంగా చల్లబరిచే మోడ్, సెలవుల మోడ్, ఫ్రీజర్‌ను ఫ్రిజ్‌గా మార్చే మోడ్ లాంటివి ఏవైనా ఆన్‌లో ఉన్నాయేమో చూసి ఆపేయండి. పండక్కి ఐస్ కోసం ఆన్ చేసి మర్చిపోయిన వేగం మోడ్ వల్ల ఆకుకూరలు పాడవడం మామూలే.

3. కొలవడానికి ఏం కావాలి

ఫ్రిజ్ థర్మామీటర్ ఒకటి కావాలి, రెండుంటే ఇంకా సుఖం. సన్న వైరు చివర సెన్సర్ ఉండే డిజిటల్‌ది తీసుకుంటే, వైరు లోపల, స్క్రీన్ బయట ఉంచి తలుపు తీయకుండానే చూడొచ్చు. జ్వరం థర్మామీటర్ పనికిరాదు, అది అంత కిందికి చూపించదు. నుదుటికి గురిపెట్టే రకం కూడా వద్దు, వస్తువు పైభాగం వేడిని మాత్రమే చదువుతుంది.

కొన్నది నిజం చెప్తోందో లేదో ముందు చూసుకోండి. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐస్ వేసి, ఐస్ మునిగీ మునగనట్టు చల్లటి నీళ్లు పోసి, కలిపి, సెన్సర్‌ను మధ్యలో ఐదు నిమిషాలు ఉంచండి. 0 చూపించాలి. 1 చూపిస్తే ఆ తర్వాత వచ్చే ప్రతి రీడింగ్‌లోంచి 1 తీసేయండి. మరీ తేడా ఉంటే వెనక్కి ఇచ్చేయండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- ఒక గాజు గ్లాసు, నిండా నీళ్లు
- చిన్న స్టీలు గిన్నెలు మూడు నాలుగు
- మెత్తటి గుడ్డ, గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా గిన్నెల సబ్బు
- ఒక కాగితం, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా సరే

నీళ్ల గ్లాసు ఎందుకంటే, తలుపు తీసిన ప్రతిసారీ లోపలి గాలి వేడెక్కుతుంది, కంప్రెసర్ నడిచినప్పుడల్లా చల్లబడుతుంది. గాలిలో వేలాడదీసిన థర్మామీటర్ పొద్దున 2, మధ్యాహ్నం 8 చూపించి టెన్షన్ పెడుతుంది. కూర గిన్నెలోనో పాలలోనో నిజంగా ఎంత ఉందో తెలియాలంటే సెన్సర్ నీళ్లలో ఉండాలి.

4. నాబ్ ముట్టుకోకముందు చేయాల్సిన పని

ఈ పని వదిలేసి నేరుగా నాబ్ తిప్పేవాళ్లే ఎక్కువ. సగం ఇళ్లలో సమస్య ఇక్కడే తీరిపోతుందని నా అనుభవం.

గాలి వచ్చే రంధ్రాలకు అడ్డంగా ఏమున్నా తీసేయండి. మామూలుగా అక్కడ ఉండేది దోశపిండి గిన్నె, లేదా రైతు బజార్ నుంచి తెచ్చి సంచితో సహా తోసేసిన కూరగాయలు. రంధ్రాల ముందు కనీసం నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ ఉండాలి. అడ్డం ఉంటే ఆ వస్తువు గడ్డకడుతుంది, తలుపు వైపు మాత్రం వేడిగానే ఉండిపోతుంది. ఒకే కారణానికి రెండు లక్షణాలు.

తర్వాత తలుపు రబ్బరు. ఒక కాగితాన్ని తలుపు సందులో సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టి మూసి లాగండి. కొంచెం బిగుతుగా రావాలి. జారిపోయినట్టు వచ్చేస్తే అక్కడ పట్టు లేదు. నాలుగు వైపులా చూడండి, కింది మూలలు మరీ జాగ్రత్తగా. రబ్బరు మడతల్లో పాల మరకలు, పిండి ఎండి ఉంటే గోరువెచ్చని సబ్బు నీళ్లతో తుడిచి మళ్లీ కాగితం పెట్టి చూడండి. తుడిచినా పట్టు రాకపోతే రబ్బరు మార్చాల్సిందే.

ఫ్రిజ్ వెనక గోడకు, పక్కన బియ్యం డ్రమ్ముకు, స్టవ్‌కు ఎంత దూరముందో చూడండి. వేడి బయటికి పోవాలంటే వెనక అరచేయి పట్టేంత జాగా కావాలి. మే నెలలో మన దగ్గర వంటిల్లు బయటి ఎండకంటే తక్కువేం ఉండదు, 43 డిగ్రీల రోజున గోడకు ఆనించిన ఫ్రిజ్ కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక ఒక రోజంతా వదిలేయండి. అంతవరకు నాబ్ జోలికి పోవద్దు.

5. రాత్రి పెట్టి పొద్దున చూడండి

రాత్రి పడుకునే ముందు నీళ్ల గ్లాసును మధ్య అర మీద, నడిమధ్యన పెట్టి సెన్సర్ ముంచండి. పొద్దున పాలు తీయడానికి తలుపు తెరవకముందే చూసి రాసుకోండి. రెండో థర్మామీటర్ ఉంటే ఫ్రీజర్‌లో, గడ్డకట్టిన ప్యాకెట్ల మధ్య ఇరికించి పెట్టండి. ఒకటే ఉంటే మర్నాడు రాత్రి అక్కడ పెట్టండి.

ఇక స్టీలు గిన్నెలు. ఒక్కోదాంట్లో రెండు మూడు చెంచాల నీళ్లు పోసి, ఒకటి పై అర వెనక రంధ్రాల దగ్గర, ఒకటి కూరగాయల డబ్బా వెనక మూలలో, ఇంకొకటి మీకు ఎక్కడ అనుమానం ఉంటే అక్కడ పెట్టండి. నీళ్లు 0 దగ్గరే గడ్డకడతాయి, కూరగాయలు ఇంకొంచెం కిందికి పోతేగానీ కట్టవు. కాబట్టి పొద్దున గిన్నె అంచున సన్నటి ఐస్ పొర కనిపించినా అది మీకు ముందస్తు హెచ్చరికే. ఆ చోట ఆకుకూర పెట్టొద్దు.

మధ్యలో గ్లాసు 4 చూపిస్తుంటే వెనక మూలలో గిన్నె ఎందుకు గడ్డకట్టిందని అడుగుతారు. గ్లాసు నిండా ఉన్న నీళ్లు రాత్రంతటి సగటు చెప్తాయి. మూలలో ఉన్న రెండు చెంచాల నీళ్లకు కంప్రెసర్ నడిచినప్పుడల్లా మైనస్ గాలి నేరుగా తగులుతుంది. కొత్తిమీర ఆకు పరిస్థితీ అదే. పల్చగా ఉంటుంది, కొద్ది నిమిషాల్లోనే పట్టేస్తుంది.

ఇప్పుడు మీ దగ్గర మూడు సంగతులు ఉన్నాయి: మధ్య అర ఎంత, ఫ్రీజర్ ఎంత, ఏ చోట ఐస్ పట్టింది. వీటిని బట్టే తిప్పాలి.

6. తిప్పే వరుస: ముందు ఫ్రీజర్ మీట, తర్వాత ఫ్రిజ్ నాబ్

ముందు వాటా సరిచేయాలి, తర్వాతే మొత్తం పెంచాలా తగ్గించాలా అన్నది. తిరగేసి చేస్తే ఒకటి బాగుపడి ఇంకొకటి చెడిపోతుంది, వారం గడిచినా తేలదు.

- ఫ్రీజర్ మైనస్ 18 కంటే వేడిగా ఉండి, ఫ్రిజ్ 3 కంటే చల్లగా ఉంటే: గాలి కిందికి ఎక్కువ పోతోంది. మీటను ఫ్రీజర్ చల్లదనం పెరిగే వైపు ఒక గుర్తు జరపండి. ఫ్రిజ్ నాబ్ ముట్టుకోవద్దు.
- ఫ్రీజర్ మైనస్ 20 దాటి, ఫ్రిజ్ 5 పైన ఉంటే: గాలి పైనే ఆగిపోతోంది. మీటను రెండో వైపు ఒక గుర్తు జరపండి.
- రెండూ వేడిగా ఉంటే: ఫ్రిజ్ నాబ్‌ను ఒక అంకె పెంచండి.
- రెండూ అవసరానికి మించి చల్లగా ఉంటే: ఒక అంకె తగ్గించండి.
- మధ్య అర 4 ఉండి, మూలలో మాత్రం ఐస్ పడితే: నాబ్ సరిగ్గానే ఉంది, సామాను జరపండి.

ఒకసారికి ఒకటే, అదీ ఒక గుర్తే. జరిపాక 24 గంటలు ఆగి మళ్లీ కొలవండి. గంటకోసారి చూసి తిప్పేవాళ్లకు ఎప్పటికీ అంతు చిక్కదు, ఎందుకంటే లోపలున్న నీళ్లు, కూరలు, ఐస్ అన్నీ కొత్త టెంపరేచర్‌కు రావడానికే అంత టైం పడుతుంది.

మీటను జరిపిన మర్నాడు ఫలితం తలకిందులుగా వచ్చిందంటే మీది పనులు తారుమారుగా ఉన్న మోడల్. తిరిగి పాత చోటుకు తెచ్చి, రెండో వైపు జరపండి.

7. హనుమకొండలో ఒక ఇంటి లెక్క

మా బంధువుల్లో ఒక అక్క ఇంట్లో సరిగ్గా మొదట్లో చెప్పిన సమస్యే. నలుగురు మనుషులు, పాత డబుల్ డోర్ ఫ్రిజ్. ఐస్‌క్రీం మెత్తబడుతోందని ఫ్రిజ్ నాబ్‌ను 3 నుంచి 5కు తిప్పింది. ఐస్‌క్రీం పెద్దగా మారలేదు కానీ పాలకూర, కొత్తిమీర గడ్డకట్టడం మొదలైంది. "ఇంకా పెంచాల్నా తమ్మీ, తగ్గించాల్నా?" అని ఫోన్ చేసింది. రెండూ వద్దు, ముందు కొలుద్దామన్నాను.

పొద్దున రీడింగ్: మధ్య అర 1, ఫ్రీజర్ మైనస్ 12. పై అర వెనక గిన్నె పూర్తిగా గడ్డ, కూరగాయల డబ్బా వెనక మూల గిన్నెలో సన్నటి పొర. ఫ్రిజ్ నాబ్ 5 మీద ఉన్నా ఫ్రీజర్ మైనస్ 12 దగ్గరే ఆగిందంటే చల్లదనం తయారవుతోంది, కిందికి పోతోంది. ఫ్రీజర్‌లో మీట చూస్తే ఆ చివరికి జరిగి ఉంది, ఫ్రీజర్‌కు అతి తక్కువ, ఫ్రిజ్‌కు అతి ఎక్కువ అన్న వైపు. ఫ్రీజర్ తుడిచినప్పుడు చేయి తగిలి జరిగి ఉంటుంది, ఎవరికీ తెలియదు.

నాబ్‌ను పెంచినప్పుడు ఏం జరిగిందో చూడండి. కంప్రెసర్ ఎక్కువసేపు నడిచింది, ఎక్కువ చల్లగాలి తయారైంది, కానీ దాని వాటా మారలేదు కాబట్టి ఎక్కువ భాగం కిందికే దిగి ఆకుకూరల మీద పడింది.

మొదట మీటను మధ్యకు జరిపాం, నాబ్ 5లోనే ఉంచాం. మర్నాడు ఫ్రీజర్ మైనస్ 19, మధ్య అర 2. వాటా కుదిరింది, మొత్తం కొంచెం ఎక్కువగా ఉంది. అప్పుడు నాబ్‌ను 4కు తగ్గించాం. ఆ మర్నాడు ఫ్రీజర్ మైనస్ 18, మధ్య అర 3, డబ్బా మూలలో గిన్నె నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి. పై అర వెనక గిన్నెలో మాత్రం ఇంకా పొర పడింది. దానికి నాబ్ తగ్గించలేదు. అక్కడ పచ్చడి సీసాలు పెట్టుకోమని చెప్పాను.

8. ఏది ఎక్కడ పెట్టాలి

నాబ్ కుదిరాక కూడా ఫ్రిజ్ అంతా ఒకే టెంపరేచర్‌లో ఉండదు. తలుపు అరలు అన్నిటికంటే వేడి, రంధ్రాల ముందు అన్నిటికంటే చల్లన. ఈ తేడాను వాడుకోవాలి.

- పై అర వెనక: పచ్చళ్లు, జామ్, నూనె ఎక్కువున్న పొడులు, ఐస్ పట్టినా నష్టం లేనివి
- మధ్య అర: పాలు, పెరుగు, వండిన కూరలు, అన్నం, పప్పు
- డబ్బా పైనున్న కింది అర: పచ్చి చికెన్, మటన్, చేపలు, లోతైన మూత గిన్నెలో. కారినా వేరే ఆహారం మీద పడకూడదు
- కూరగాయల డబ్బా: ఆకుకూరలు, క్యారెట్, బీన్స్, పచ్చిమిర్చి
- తలుపు: నీళ్ల సీసాలు, సాస్, కూల్‌డ్రింకులు. పాలు ఇక్కడ వద్దు

ఆకుకూరలను తడి ఆరనిచ్చి, పేపర్లోనో పల్చటి నూలు గుడ్డలోనో చుట్టి డబ్బాలో ముందు వైపు పెట్టండి. పుంటికూర, తోటకూర, కొత్తిమీర ఏదైనా ఇంతే. కడిగి తడిగా పెడితే ఆ నీటి పొరే ముందు గడ్డకట్టి ఆకును పాడుచేస్తుంది. వేళ్లు ఉంచితే ఎక్కువ రోజులుంటుందని పెట్టేవాళ్లు మట్టి మాత్రం దులపాలి.

గడ్డకట్టిన ఆకును గుర్తుపట్టడం తేలిక. రంగు ముదురుగా మారి, వెలుతురుకు పెడితే లోపలి నుంచి కాంతి కనబడుతుంది, బయటికి తీసిన కాసేపటికి నీరు కారి జిగటగా అవుతుంది. వెంటనే కూరలో వేసేయొచ్చు, మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే మాత్రం కుళ్లిపోతుంది.

దీంతో కలిపేసుకోకూడని ఇంకో సమస్య ఉంది. వంకాయ మీద గుంటలు పడి లోపల గింజలు నల్లబడటం, దోసకాయ మీద నీటి మచ్చలు రావడం, బెండకాయ నల్లబడటం, టమాట రుచి చచ్చిపోవడం. ఇవి గడ్డకట్టినవి కావు. ఈ కాయలకు 4 డిగ్రీలే మరీ చలి, 7 నుంచి 12 మధ్యలో ఉండాలని కోరుకుంటాయి. వీటి కోసం నాబ్ తగ్గిస్తే పాలు, మాంసం దగ్గర ప్రమాదం తెచ్చుకున్నట్టే. ఒకటి రెండు రోజుల్లో వండేవి బయట నీడన ఉంచండి, తప్పకపోతే డబ్బాలో ముందువైపు పెట్టి త్వరగా వాడేయండి. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డకు ఫ్రిజ్ అవసరమే లేదు.

9. సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే

ఇందులో ఫ్యాన్ ఉండదు, వాటా వేసే మీట ఉండదు. పైనున్న ఫ్రీజర్ పెట్టే చల్లబడుతుంది, ఆ చలి కిందికి దిగుతుంది. కాబట్టి అన్నిటికంటే చల్లటి చోటు ఫ్రీజర్ పెట్టె కింద ఉండే చిల్ ట్రే, తర్వాత పై అర. అక్కడ ఆకుకూర పెట్టొద్దు, పాలు, మాంసం పెట్టండి. కూరగాయలు అట్టడుగు డబ్బాలోనే ఉండాలి.

ఒకే నాబ్ కాబట్టి మధ్య అరను 4 దగ్గరకు తేవడమే మీ చేతిలో ఉంది. అప్పుడు ఫ్రీజర్ ఎంత వస్తే అంతే. చాలా సింగిల్ డోర్లలో అది మైనస్ 18 దాకా పోదు. దానికోసం నాబ్‌ను చివరిదాకా తిప్పితే కింద గడ్డకడుతుంది. కొలిచి చూడండి, మైనస్ 18 రాకపోతే అది ఐస్‌కు, నాలుగైదు రోజుల్లో వాడేసే మాంసానికి తప్ప నెలల తరబడి నిల్వకు కాదని అనుకోండి.

ఫ్రీజర్ చుట్టూ మంచు చిటికెన వేలి మందం పేరుకోకముందే కరిగించండి. మంచు మందమైనకొద్దీ చలి కిందికి దిగదు. డీఫ్రాస్ట్ బటన్ నొక్కి, సామాను తీసి, దానంతట అదే కరగనివ్వండి. కత్తితోనో గరిటెతోనో గీకితే లోపలి గొట్టానికి చిల్లుపడి గ్యాస్ పోతుంది, అప్పుడు ఖర్చు వేలల్లో ఉంటుంది.

ఈ రకంలో ఎండాకాలానికి పెంచిన నాబ్‌ను చలికాలంలో తగ్గించడం మర్చిపోతే పై అరలో పెరుగు కూడా గట్టిపడుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు డిసెంబరు, జనవరి చలిలో ఇది మరీ ఎక్కువ. దసరా దాటాక ఒకసారి, ఉగాదికి ముందు ఒకసారి గ్లాసు పెట్టి కొలుచుకోండి. డబుల్ డోర్ వాళ్లు కూడా చలికాలంలో ఫ్రీజర్‌ను చూసుకోవాలి, గది చల్లగా ఉంటే కంప్రెసర్ తక్కువ నడిచి ఫ్రీజర్ మైనస్ 18 కంటే వేడిగా ఉండిపోయే అవకాశముంది.

10. వేడి గిన్నెలు, కరెంటు కోతలు

వండిన కూర బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. గది 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. అంటే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం వండిన పప్పు సాయంత్రం దాకా స్టవ్ మీద వదిలేయడం కుదరదు. అలాగని పొగలు కక్కే పెద్ద గిన్నెను నేరుగా పెడితే పక్కనున్న పాలు కూడా వేడెక్కుతాయి. వెడల్పాటి చిన్న గిన్నెల్లోకి, లోతు రెండంగుళాలు దాటకుండా సర్ది, నీళ్ల బేసిన్‌లో కాసేపు ఉంచి, పొగ తగ్గాక లోపల పెట్టండి. అన్నానికీ ఇదే లెక్క. అన్నంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి విషాన్ని మళ్లీ వేడి చేసినా పోదు.

కరెంటు పోతే తలుపు తీయకండి. మూసి ఉంచితే ఫ్రిజ్ దాదాపు 4 గంటలు ఆగుతుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు. వంటిల్లు మండిపోతుంటే ఇంకా తగ్గించి లెక్కేసుకోండి. కరెంటు వచ్చాక గ్లాసు చూడండి. 5 పైన రెండు గంటలకు మించి ఉండిపోయిందనిపిస్తే పాలు, వండిన కూరలు, మాంసం పారేయాలి. వాసన బాగుందని ఉంచుకోవద్దు, జబ్బు చేసే సూక్ష్మజీవులు వాసన తెప్పించాలని లేదు. కూరగాయలు, పచ్చళ్లు ఉంచుకోవచ్చు.

ఊరెళ్లినప్పుడు కరెంటు పోయి వచ్చిందేమో తెలియాలంటే, చిన్న కప్పులో నీళ్లు గడ్డకట్టించి పైన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో వదిలేయండి. తిరిగొచ్చేసరికి బిళ్ల ఐస్ అడుగున ఉంటే అంతా కరిగి మళ్లీ గట్టిపడిందన్నమాట, మాంసం వాడొద్దు.

11. నాబ్‌తో తీరనివి

పై పద్ధతిలో రెండు మూడు సార్లు మార్చినా రీడింగ్ కదలకపోతే అది సెట్టింగ్ సమస్య కాదు. మెకానిక్‌ను పిలిచే ముందు ఇవి చూసి ఉంచుకోండి, ఆయన పని తేలికవుతుంది, మీకు అనవసరమైన గ్యాస్ ఖర్చు తప్పుతుంది.

- ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజర్ వెనక పలక మీద తెల్లగా మంచు పేరుకుందా? దానంతట అది కరిగించుకునే హీటరో, సెన్సరో పనిచేయడం లేదని అనుమానించాలి. ఫ్రీజర్ కాస్త చల్లగానే ఉండి కింద ఫ్రిజ్ రోజురోజుకూ వేడెక్కడం దీని గుర్తు.
- కంప్రెసర్ నడుస్తుండగా ఫ్రీజర్ తలుపు తీసి, తలుపు అంచు తగిలే చోట ఉండే చిన్న స్విచ్‌ను వేలితో నొక్కి పట్టుకోండి. ఫ్యాన్ చప్పుడు వినిపించాలి. చాలా మోడళ్లలో తలుపు తీయగానే ఫ్యాన్ ఆగుతుంది, అందుకే స్విచ్ నొక్కాలి. నొక్కినా చప్పుడు లేదంటే ఫ్యాన్ చూపించండి.
- నాబ్ తగ్గించినా, మీట జరిపినా రంధ్రాల నుంచి అదే జోరుతో చల్లగాలి వస్తూ మధ్య అర 0 దగ్గరే ఉంటే, గాలి దారి మూసే తలుపు తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు.
- కంప్రెసర్ ఒక్కసారి కూడా ఆగకుండా నడుస్తూ, ఫ్రీజర్, ఫ్రిజ్ రెండూ వేడిగానే ఉంటే గ్యాస్ గురించి అడగాల్సింది అప్పుడే.

రాసుకున్న రీడింగులు ఆయనకు చూపించండి: ఏ రోజు నాబ్ ఎక్కడ, మీట ఎక్కడ, మధ్య అర ఎంత, ఫ్రీజర్ ఎంత. రిపేరు అయ్యాక డబ్బులిచ్చే ముందే మర్నాడు పొద్దున మళ్లీ రీడింగ్ చూసి ఫోన్ చేస్తానని చెప్పి ఒప్పించుకోండి, ఎందుకంటే ఆయన వెళ్లేటప్పటి చల్లదనం చూసి ఏదీ తేల్చలేం.